అడగాల్సింది ముప్పైమూడున్నర వేలు కాదు, పద్నాలుగు వేలు

ప్రశ్న: అయ్యా, నేను అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో స్కూలు టీచర్ని. మొన్న అక్టోబరు వానల్లో రాత్రిపూట కాలువ గట్టు రోడ్డు మీద వస్తుంటే, ఎదురుగా కొబ్బరికాయల లోడు ట్రాక్టరు లైట్లు లేకుండా వచ్చింది. తప్పించబోయి కల్వర్టు గోడకి గుద్దేశాను. నాకేం కాలేదు గానీ కారు ముందు భాగం ఎడమవైపు పోయింది. రాజమండ్రిలో కంపెనీ వర్క్‌షాపు వాళ్ళు 78,000 ఎస్టిమేట్ ఇచ్చారు. సర్వేయరు వచ్చి చూసి వెళ్ళాక ఇన్సూరెన్సు వాళ్ళు 44,500 మాత్రమే ఇస్తామని మెయిల్ పెట్టారు. కారు విప్పేసి ఇరవై రోజులుగా అక్కడే ఉంది. రావులపాలెంలో తెలిసిన గ్యారేజీ నుంచి 71,000కి ఇంకో ఎస్టిమేట్ తెచ్చాను. రెండూ జతచేసి "మీరిచ్చేది చాలా తక్కువ, కనీసం 71,000 అయినా ఇవ్వండి" అని ఉత్తరం రాశాను. ఇంకా పంపలేదు. ఏజెంటు బంపర్ టు బంపర్ పాలసీ అనే చెప్పాడు. కాగితాలన్నీ మీకు పంపుతున్నాను. ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుందా?

సమాధానం: మాస్టారూ, ఉత్తరం పంపకుండా ఆగినందుకు సంతోషం. అది అలాగే వెళ్ళి ఉంటే "పాలసీ నిబంధనల ప్రకారమే లెక్కించాం" అని రెండు లైన్ల జవాబు వచ్చేది. ఆ జవాబులో సగం నిజం కూడా ఉండేది. క్లెయిమ్స్ టేబులు అవతలివైపు చాలాకాలం కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను, "చాలా తక్కువ" అన్న మాటకి ఆ ఫైల్లో రాసుకోవడానికి చోటు ఉండదు. "ఫలానా వరసలో ఫలానా అంకె తప్పు" అంటే మాత్రం ఎవరో ఒకరు ఆ వరస తీసి చూడాల్సిందే.

ముందు ఏజెంటు మాట సంగతి తేల్చేద్దాం. మీ పాలసీ షెడ్యూలు చూశాను. బంపర్ టు బంపర్ అంటే సామాన్ల మీద తరుగు కోయని కవరు, పాలసీలో దాని పేరు నిల్ డిప్రిసియేషన్. మొదటి మూడేళ్ళ పాలసీల్లో ఆ పేరుతో విడిగా ఒక లైను, దానికి విడిగా ప్రీమియం ఉన్నాయి. ఈ ఏడాది రెన్యువల్‌లో ఆ లైను లేదు. రెన్యువల్ రేటు తగ్గించడానికి తీసేసి ఉంటారు, మీకు చెప్పి ఉండరు. అది ఏజెంటుతో వేరే పంచాయతీ. ఈ ఉత్తరంలోకి తెస్తే ఇక్కడున్న బలమైన పాయింట్లు పలచబడతాయి. షెడ్యూల్లో లేని కవరు ఈ క్లెయిముకి లేనట్టే అనుకుని ముందుకెళ్దాం.

ఇప్పుడు అసలు లెక్క. మీకు 78,000కీ 44,500కీ మధ్య ఉన్న 33,500 మొత్తం అన్యాయంగా కనిపిస్తోంది. అందులో కొంత పాలసీయే తీసేసుకుంటుంది, కొంత సర్వేయరు తప్పుగా తీశాడు. ఈ రెంటినీ విడదీయడమే మీ ఉత్తరం చెయ్యాల్సిన పని. మెయిల్‌తో వచ్చిన అసెస్‌మెంటు షీటుని ఎస్టిమేట్ పక్కన పెట్టుకుని ఒక్కో వరసా చూసుకుంటూ వెళ్ళాను. మీరూ ఒక రాత్రి కూర్చుని అలాగే చూడండి, పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యే కదా.

పాలసీ పుస్తకంలో సెక్షన్ 1 కింద తరుగుదల పట్టిక ఉంటుంది. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్ నుంచి వస్తున్న పట్టికే అది. ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి కారు వయసుతో పనిలేకుండా సగం కోస్తారు. అద్దానికి ఏమీ కోయరు. ఇనుము, అల్యూమినియం లాంటి మిగతా సామాన్లకి మాత్రం కారు వయసుని బట్టి కోత. మీ కారు రిజిస్ట్రేషన్ 2022 మార్చి, ప్రమాదం 2025 అక్టోబరు. అంటే మూడేళ్ళు దాటి నాలుగు నిండలేదు, ఆ వయసుకి 25 శాతం. నాలుగు దాటి ఉంటే 35 అయ్యేది. సర్వేయరు 25 వేశాడు, అది సరైనదే.

ఈ పట్టిక ప్రకారం మీ ఎస్టిమేట్‌లో ప్లాస్టిక్ అంటే బంపరు, గ్రిల్లు, హెడ్‌లైటు. మూడూ కలిపి 15,000. సగం, 7,500 పోతాయి. హెడ్‌లైటు గాజుది కదా అని మీరు అడగొచ్చు, పాత కార్లకి గాజే ఉండేది. ఇప్పటివాటికి పాలికార్బనేటు, అంటే ప్లాస్టిక్కే, వాదించి లాభం లేదు. ముందు అద్దం 7,000, దానికి పూర్తిగా ఇచ్చాడు. ఇక లోహపు సామాన్లు బోనెట్టు, ఎడమ ఫెండరు, ముందు క్రాస్ మెంబరు, ఏసీ కండెన్సరు, చక్రాన్ని కారు అడుగుభాగానికి పట్టి ఉంచే ఎడమ లోయర్ ఆర్మ్. కలిపి 30,000. పావు వంతు, అంటే మరో 7,500 పోతాయి. పెయింటు మీద న్యాయంగా పోయేది 1,500, అదెలాగో కింద చెప్తాను. ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన కంపల్సరీ ఎక్సెస్, 1,500 సీసీ లోపు కారు కాబట్టి 1,000. పాత ఇనుప సామాను విలువ కింద 500.

ఇంకొకటి మీరు గమనించి ఉండరు. వర్క్‌షాపు వాళ్ళు లేబర్ 14,000 అని రాసిన దాన్లోనే ఏసీ గ్యాసు, కూలెంటు 1,500 కలిపేశారు. అవి వాడితే అయిపోయే సరుకులు, వాటికి కన్స్యూమబుల్స్ అని వేరే కవరు ఉంటేనే వస్తాయి. మీకు లేదు. ఇవన్నీ కూడితే 19,500. ఇది పాలసీ తీసుకునే వాటా, మీ చేతి నుంచి పడేదే. దీన్ని కూడా అడిగితే, మీకు పాలసీ తెలియదని ఉత్తరం మొదటి పేరాలోనే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.

33,500లోంచి 19,500 తీసేస్తే మిగిలేది 14,000. అది మీది. నాలుగు చోట్ల పోయింది.

మొదటిది, అన్నిటికన్నా తేలికైనది, పెయింటు. వర్క్‌షాపు పెయింటింగు 12,000 అని రాసింది. సర్వేయరు దాన్ని ప్లాస్టిక్ లాగే సగానికి కోసి 6,000 వేశాడు. పాలసీ అలా చెప్పదు. పెయింటింగ్ చార్జీల్లో రంగు సరుకు విలువ మీదే సగం తరుగు. బిల్లులో సరుకునీ కూలినీ విడదీయకుండా ఒకే మొత్తం రాస్తే, అందులో నాలుగోవంతుని సరుకు కింద లెక్కపెట్టాలి. 12,000లో నాలుగోవంతు 3,000, దాన్లో సగం 1,500. పోవాల్సింది ఇంతే. రావాల్సింది 10,500, ఇచ్చింది 6,000. తేడా 4,500. ఇందులో ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు, పాలసీలో ఉన్న వాక్యం చాలు. ఉత్తరంలో దీన్నే ముందు పెట్టండి. మొదటి అంశంలోనే తమ తప్పు కాదనలేనిదిగా ఉంటే మిగతా మూడూ కాస్త జాగ్రత్తగా చదువుతారు.

రెండోది కండెన్సరు. ధర 8,000. సర్వేయరు దీన్ని ప్లాస్టిక్ వరసలో పెట్టి సగం కోశాడు. రేడియేటరు పక్కనే ఉంటుంది కాబట్టి అలవాటుగా జరిగిన పొరపాటు అయివుంటుంది. రేడియేటరుకి రెండు చివర్లా ప్లాస్టిక్ ట్యాంకులుంటాయి, అక్కడ పేచీ ఉంది. కండెన్సరు మాత్రం అల్యూమినియం గొట్టాలూ రేకులూ, దానికి 25 శాతమే. 6,000 రావాల్సిన చోట 4,000 వచ్చాయి. తేడా 2,000. పాత కండెన్సరు ఫోటో ఒకటి దగ్గరగా తీయించి పెట్టండి, అంతకు మించి ఏం అక్కర్లేదు.

మూడోది లోయర్ ఆర్మ్, 4,000. దీన్ని సర్వేయరు పూర్తిగా కొట్టేసి "వాడకం వల్ల అరుగుదల, ప్రమాదానికి సంబంధం లేదు" అని రాశాడు. పావు వంతు పోను 3,000 దీనివి. మొత్తం షీటులో కష్టమైన అంశం ఇదే. దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను.

సర్వేయరు ఎందుకలా రాశాడో ముందు చూడండి. క్లెయిమ్ ఫారంలో మీరు "కల్వర్టు గోడకి ముందు బంపరు తగిలింది" అని ఒక్క లైను రాశారు. చక్రం ఊసే లేదు. బంపరు తగిలితే లోయర్ ఆర్మ్ ఎందుకు వంగుతుంది అని అతను అనుకోవడంలో తప్పులేదు. పైగా మన గట్టు రోడ్ల గుంతలకి మూడేళ్ళ కారులో ఆర్మ్ బుష్‌లు పోవడం మామూలే, రోజూ చూస్తుంటాడు.

కాబట్టి ముందు మీరే నిజం తేల్చుకోవాలి. వర్క్‌షాపులో మెకానిక్కుని పక్కకి పిలిచి, ఆర్మ్ చేతికి ఇప్పించుకుని చూడండి. రబ్బరు బుష్ పగిలి, బాల్ జాయింటు లూజుగా ఆడుతూ, ఆర్మ్ మాత్రం నిటారుగా ఉంటే సర్వేయరు చెప్పిందే సరైనది. ఆ మూడు వేలూ వదిలేసి 11,000 అడగండి. అలా కాక ఆర్మ్ రేకే మడతపడి ఉంటే అది అరుగుదల కాదు, దెబ్బ. వాడకంలో ఇనుము అరుగుతుంది, తుప్పు పడుతుంది, మడత పడదు. మడత దగ్గర పెయింటు పెచ్చులూడి లోపల ఇనుము ఇంకా కొత్తగా మెరుస్తుంటే అది ఈమధ్యది. ఆ చోట పాత తుప్పు పట్టి ఉంటే ముందెప్పటిదో.

మీరు పంపిన ఫోటోల్లో నాకు కనిపించినవి రెండున్నాయి. ఎడమ చక్రం రిమ్ము అంచుకి తెల్లటి పెయింటు గీసుకుపోయి ఉంది. మన కల్వర్టు గోడలకి నలుపూ తెలుపూ పట్టీలు వేస్తారు కదా, ఆ తెలుపు. అంటే చక్రం గోడకి తగిలింది, తగిలిందనడానికి గోడ రంగే సాక్ష్యం. రెండోది, ప్రమాదం జరిగిన రాత్రి మీ తమ్ముడు తీసిన ఫోటోలో ఎడమ చక్రం పైభాగం బయటికి వాలి ఉంది, కుడి చక్రం నిటారుగా ఉంది. ఈ రెండు ఫోటోలూ అసెస్‌మెంటు షీటుతో ఉన్న సర్వేయరు ఫోటోల్లో లేవు. అతను వచ్చేసరికి చక్రాలు విప్పేసి ఉంటారు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. వర్క్‌షాపులో పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ నేల మీద పక్కపక్కన పెట్టించి, మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, టేపు పరిచి ఫోటో తీయండి. వంపు ఎంతో కొలతతో కనిపిస్తుంది. వర్క్‌షాపు లెటర్‌హెడ్ మీద సర్వీస్ అడ్వైజరు చేత మూడు వాక్యాలు రాయించండి. ఆర్మ్ మడత పడిందని, మడత ఎక్కడుందని, కుడివైపు ఆర్మ్ బాగానే ఉందని. "ప్రమాదం వల్లే" అని అతనిచేత రాయించాలని పట్టుపట్టకండి. ప్రమాదం అతను చూడలేదు, అలా రాస్తే ఆ కాగితానికే విలువ పోతుంది.

క్లెయిమ్ ఫారంలో రాసిన కథని మార్చకండి. ఇప్పుడు కొత్తగా "ముందు చక్రం గోతిలో పడింది, తరవాత గోడకి కొట్టాను" అంటే రెండు కథలవుతాయి, మొత్తం క్లెయిముకే అనుమానం వస్తుంది. ఉన్నదానికే కొనసాగింపుగా, బంపరు తగిలాక ఎడమ చక్రం కూడా గోడ అంచుకి తగిలిందని, రిమ్ము మీద గోడ పెయింటు ఉందని చెప్పండి చాలు.

నాలుగోది లేబర్. గ్యాసు, కూలెంటు తీసేస్తే వర్క్‌షాపు అడిగింది 12,500. సర్వేయరు 8,000 వేశాడు, ఎందుకో రాయలేదు. తేడా 4,500. ఇక్కడ పాలసీలో పట్టిక లేదు, ఆ ప్రాంతంలో న్యాయమైన రేటు ఎంత అన్నదే ప్రశ్న. మీ రెండో ఎస్టిమేట్ పనికొచ్చేది ఈ ఒక్కచోటే.

కానీ దాన్ని ఇప్పుడున్న రూపంలో జత చేయకండి. మాస్టారూ, ఆ కాగితం మీ చెయ్యే నరుకుతుంది. రావులపాలెం గ్యారేజీ వాళ్ళు మూడే లైన్లు రాశారు, సామాన్లు 48,000, లేబర్ 12,000, పెయింటు 11,000. ఇవే సామాన్లు కంపెనీ వర్క్‌షాపులో 52,000. కంపెనీ సామాన్లకి ఎమ్మార్పీ ముద్రించి ఉంటుంది, అది రాజమండ్రిలో ఒకటీ రావులపాలెంలో ఒకటీ ఉండదు. నాలుగు వేలు తక్కువంటే వాళ్ళు కొన్ని బయట కంపెనీ సామాన్లు వేస్తున్నట్టు లెక్క. మీరే ఈ కాగితాన్ని సాక్ష్యంగా పెడితే, "క్లెయిమెంటే 48,000కి దొరుకుతాయంటున్నారు" అని సామాన్లు తగ్గిస్తారు, పెయింటుకి 12,000 బదులు 11,000 లెక్కేస్తారు. మీరు ఎక్కువ అడగడానికి పెట్టిన కాగితం వల్ల తక్కువ వస్తుంది. ఇలా జరిగిన ఫైళ్ళు నా చేతిమీదుగానే వెళ్ళాయి.

రావులపాలెం వెళ్ళి ఆ ఎస్టిమేట్ మళ్ళీ రాయించండి. వర్క్‌షాపు ఎస్టిమేట్ కాపీ తీసుకెళ్ళి, అవే పార్ట్ నంబర్లు, అవే ఎమ్మార్పీలతో రాయమనండి. అలా కుదరదంటే "సామాన్లు కంపెనీ వర్క్‌షాపు ఎస్టిమేట్ ప్రకారం, ఈ ఎస్టిమేట్ లేబర్‌కి మాత్రమే" అని పైన రాయించండి. లేబర్‌ని పనుల వారీగా విడదీయించాలి. క్రాస్ మెంబరు కోసి వెల్డింగ్ చేసి అమర్చడానికి ఎంత, బోనెట్టు, ఫెండరు మార్చడానికి ఎంత, అద్దం బిగించడానికి ఎంత, కండెన్సరు విప్పి అమర్చడానికి ఎంత, ఆర్మ్ మార్చడానికి ఎంత. కారు నంబరు, ఛాసీస్ నంబరు, తేదీ, గ్యారేజీ జీఎస్టీ నంబరు, సంతకం, స్టాంపు ఉండాలి. వర్క్‌షాపు చేత కూడా అవే పనుల వరసలో లేబర్ విడదీయించండి, వాళ్ళకి అది కంప్యూటర్లో ఉంటుంది, ఒక ప్రింటు పని. అప్పుడు ఒకే పనులకి 12,500, 12,000 అని రెండు కాగితాలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య ఐదువందల తేడా, సర్వేయరుకీ వాటికీ మధ్య నాలుగు వేలు, నాలుగున్నర వేలు తేడా. ఎవరు దారి తప్పారో చెప్పనక్కర్లేదు.

బేరానికి వస్తే మీరు వదలగలిగేది కూడా ఈ అంశంలోనే. 12,000 దగ్గరికి దిగినా పరవాలేదు. పెయింటు, కండెన్సరు మీద మాత్రం ఒక్క రూపాయి కూడా బేరానికి పెట్టకండి, అవి కూడికలు.

ఉత్తరం ఇలా రాస్తే చాలు. మీ ఊరి బ్రాంచి ఒక్కటే కాదు, మెయిల్ ఏ క్లెయిమ్స్ ఆఫీసు నుంచి వచ్చిందో దానికి, ఇన్సూరెన్సు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి కూడా ఒకే మెయిల్లో పంపండి. అవతల చదివేవాళ్ళకి తెలుగు వస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి దీన్నే ఇంగ్లిషులో పెట్టుకోండి.

"విషయం: క్లెయిమ్ నంబరు ........, వాహనం నంబరు ........ అసెస్‌మెంటులో నాలుగు అంశాల సవరణ, 14,000 రూపాయలు కోరుతూ.

అయ్యా, మీరు ........ తేదీన పంపిన 44,500 రూపాయల ప్రతిపాదనని పరిశీలించాను. ప్లాస్టిక్ భాగాలపై 50 శాతం, లోహ భాగాలపై 25 శాతం తరుగుదల, కంపల్సరీ ఎక్సెస్, పాత సామాను విలువ, ఏసీ గ్యాసు, కూలెంటు మినహాయింపు నాకు అంగీకారమే. కింది నాలుగింటితో ఏకీభవించడం లేదు.

1. పెయింటింగ్, 12,000. మొత్తం మీద 50 శాతం తగ్గించారు. పాలసీ సెక్షన్ 1 ప్రకారం సరుకు విలువ (మొత్తంలో 25 శాతం) మీదే 50 శాతం తగ్గించాలి. తగ్గాల్సింది 1,500, తగ్గించింది 6,000. రావాల్సిన తేడా 4,500.

2. ఏసీ కండెన్సరు, 8,000. ఇది అల్యూమినియం భాగం, 25 శాతం వర్తిస్తుంది. 50 శాతం తగ్గించారు. తేడా 2,000. జత 1, ఫోటో.

3. ఎడమ లోయర్ ఆర్మ్, 4,000. అరుగుదల అని తిరస్కరించారు. ఆర్మ్ మడత పడింది. బంపరుతో పాటు ఎడమ చక్రం కూడా కల్వర్టు గోడకి తగిలింది, రిమ్ముపై గోడ పెయింటు ఉంది. జత 2, ప్రమాదం రాత్రి ఫోటో, రిమ్ము ఫోటో, పాత, కొత్త ఆర్మ్‌ల కొలత ఫోటో, వర్క్‌షాపు లేఖ. 25 శాతం పోను తేడా 3,000. పాత ఆర్మ్ భద్రంగా ఉంది, తిరిగి తనిఖీ చేయవలసిందిగా కోరుతున్నాను.

4. లేబర్. గ్యాసు, కూలెంటు మినహా 12,500కి 8,000 అనుమతించారు, కారణం చూపలేదు. అవే పనులకి రెండు గ్యారేజీల వివరమైన ఎస్టిమేట్లు జత 3, జత 4. తేడా 4,500.

మొత్తం తేడా 14,000. సవరించిన మొత్తం 58,500. సర్వే రిపోర్టు పూర్తి కాపీ ఇవ్వగలరు. ఏ అంశాన్నైనా తిరస్కరిస్తే, ఆ అంశానికి విడిగా కారణం, వర్తించే పాలసీ నిబంధన రాతపూర్వకంగా తెలపగలరు."

ఇంతే. టీచరు ఉద్యోగం, పిల్లల ఫీజులు, ఇరవై రోజులుగా బస్సుల్లో తిరుగుతున్న కష్టం, ఏజెంటు మోసం ఏదీ ఇందులో వద్దు. ముమ్మిడివరం వైపు ఒకాయన ఒకప్పుడు ఆరు పేజీల ఉత్తరం రాశాడు. నాలుగో పేజీ మధ్యలో, మేనల్లుడి పెళ్ళి ప్రయాణం కథ తరవాత, అద్దం మీద తరుగు వేశారన్న ఒక్క వాక్యం ఉంది. అదొక్కటే డబ్బు తెచ్చే వాక్యం. దాన్ని పట్టుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది.

చివరి వాక్యంలో అడిగిన "అంశానికి విడిగా కారణం" మాత్రం తీసేయకండి. అంశాల వారీగా తిరస్కరించాలంటే అవతలివాళ్ళు పెయింటు దగ్గర ఏదో ఒక నిబంధన రాయాలి. రాయడానికి అక్కడ నిబంధన లేదు. సర్వే రిపోర్టు కాపీ మీరు అడిగితే ఇవ్వాల్సిందే. సర్వేయరు రాసిందే చివరిమాట అని ఎవరైనా ఫోన్లో అంటే, అది చివరిమాట కాదని, బలమైన కారణాలుంటే పక్కన పెట్టొచ్చని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ ఫోన్లో వాదించకండి, మెయిల్ పెట్టమనండి.

కారు మాటకి వస్తే, ఈ ఉత్తరం తేలేదాకా దాన్ని అక్కడ ఉంచనక్కర్లేదు. ఉత్తరం పంపాక మళ్ళీ చూసుకోవడానికి వారం రోజులు టైమిచ్చి, ఆ సంగతి కూడా మెయిల్లో పెట్టి, తరవాత పని మొదలుపెట్టించండి. వర్క్‌షాపులో తేడా డబ్బు మీరు కట్టాల్సి వస్తుంది, బిల్లూ రసీదూ తీసుకోండి. డెలివరీ అప్పుడు "పూర్తి, చివరి చెల్లింపుగా 44,500 అంగీకరిస్తున్నాను" అనే డిశ్చార్జి వోచరు ముందు పెడతారు. సంతకం పెట్టకపోతే ఆ డబ్బు కూడా ఆగుతుందేమోనని టెన్షన్ పడనక్కర్లేదు. సంతకం పక్కనే "14,000 తేడాపై నా అభ్యంతరం కొనసాగుతుంది" అని చేత్తో రాసి, ఫోటో తీసుకుని, ఆ రోజే మెయిల్ చేయండి. మొత్తం విషయంలో వివాదం ఉన్నప్పుడు వోచరు మీద సంతకం చూపించి హక్కు పోయిందనకూడదని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరులోనే కంపెనీలకి సర్క్యులర్ పంపింది. అయినా ఏ గొడవా లేకుండా సంతకం పెట్టి, ఆరు నెలలకి గుర్తొచ్చి అడిగినవాళ్ళకి కోర్టుల్లో కష్టమైంది. అందుకే ఆ రోజే రాయమంటున్నాను.

కంపెనీ ఫిర్యాదుకి రెండు వారాల్లో తేల్చి చెప్పాలి. చెప్పకపోతే bimabharosa.irdai.gov.in లో పెట్టొచ్చు, అది ఫిర్యాదుని మళ్ళీ కంపెనీకే పంపి జవాబు రాబడుతుంది, తనంతట తాను తీర్పు చెప్పదు. తీర్పు కావాలంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. మన రాష్ట్రానికి, తెలంగాణకి, మన పక్కనున్న యానానికి కూడా హైదరాబాదు ఆఫీసే. నెల రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా వెళ్ళొచ్చు, జవాబు వచ్చిన దగ్గర్నించి ఏడాది లోపు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, cioins.co.in లో ఇంటి నుంచే పెట్టుకోవచ్చు. అక్కడికి వెళ్ళినా ఇదే ఉత్తరం, ఇవే జతలు. అందుకే మొదటి ఉత్తరాన్నే ఇంత జాగ్రత్తగా రాయమంటున్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, దానికి రెండేళ్ళ గడువు, కానీ ముందు అక్కడ కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుపోతుంది. 14,000కి నేనైతే అంబుడ్స్‌మన్‌నే ఎంచుకుంటాను.

ఇంకొక్కటి. కొత్త సామాన్లు బిగించాక వర్క్‌షాపు వాళ్ళు పాతవి తుక్కులో పడేస్తారు, సర్వేయరు తిరిగి తనిఖీకి వస్తానన్న రోజున ఆర్మ్ కనబడదు. పాత సామాను విలువ కింద మీ డబ్బులోంచి 500 ఎలాగూ తగ్గించారు కాబట్టి ఆ సామాను మీదే. మడతపడ్డ ఆర్మ్‌నీ కండెన్సరునీ గోనెసంచిలో కట్టించుకుని ఇంటికి తెచ్చుకోండి, అట్టముక్క మీద కారు నంబరూ తేదీ రాసి లోపల పెట్టండి.